వలిసెల్ని 'బ్లాక్ సెసమీ' అని రాయొద్దు

ఇంగ్లండ్‌లో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తున్న మన అన్న ఒకాయన అక్కడి మెనూలో వలిసెల పొడి పెట్టిస్తున్నారు. ఇంగ్లీషులో ఏమని రాయాలి అని అడిగితే గ్రూపులో చాలామంది 'బ్లాక్ సెసమీ' అన్నారు. మా హాస్టల్ వాళ్లం దీనికి ఒప్పుకోం.

వలిసెలు నువ్వులు కావు. శీతాకాలంలో అరకు వైపు టూరిస్టులు ఫొటోలు దిగే పసుపు పూల చేలు ఉన్నాయే, ఆ గింజలివి. పొద్దుతిరుగుడు కుటుంబం. కింద మైదానం వాళ్లు 'వెర్రి నువ్వులు' అన్నారు కాబట్టి డిక్షనరీ చూసేవాళ్లకి నువ్వులే గుర్తొస్తాయి. కన్నడంలోనూ హుచ్చెళ్ళు అంటే అదే అర్థం. మన పంటకి ఈ 'వెర్రి' ఏంటో!

పేరు సంగతి అటుంచితే, బ్రిటన్‌లో అలర్జీ తెప్పించే 14 పదార్థాల గురించి హోటల్ వాళ్లు కస్టమర్‌కి చెప్పి తీరాలి. అందులో నువ్వులున్నాయి. లేని నువ్వుల్ని రాస్తే ఆ అలర్జీ ఉన్నవాళ్లు ఊరికే మానేస్తారు, అంతే కదా అనొచ్చు. కానీ వలిసెలు అయిపోయిన రోజు కొత్త వంటవాడు మెనూ చూసి నిజం నువ్వులే వేయించేస్తాడు. అప్పుడు ఆ వంట పేరు ఒక్కటే మనది.

మరి సరైన ఇంగ్లీషు పేరు లేదా అంటే ఉంది, నైజర్ సీడ్. దాంతో ఇంకో చిక్కు. అక్కడి షాపుల్లో అది పిట్టల మేత. అమెరికాలో ఈ పేరుని జనం తప్పుగా పలికితే ఒక జాతిని తిట్టినట్టు వినబడుతోందని, మేత వ్యాపారులు 1998లో స్పెల్లింగ్ మార్చి Nyjer అని ట్రేడ్‌మార్క్ తీసుకున్నారు. 'థిసిల్' అని కూడా అమ్ముతారు, అది అసలు వేరే మొక్క.

అందుకే మాట మార్చకుండా 'వలిస పొడి' అనే పెద్దక్షరాల్లో రాసి, కింద ఒక్క లైను ఇంగ్లీషులో ఇస్తే చాలంటాం: 'పొద్దుతిరుగుడు జాతికి చెందిన చిన్న నల్ల గింజలు (నైజర్), వేయించి ఎండుమిర్చి, వెల్లుల్లితో దంచినవి.' నైజర్ అన్న మాట బ్రాకెట్లో ఉండాలి, ఎవరైనా వెతుక్కుంటే దొరకాలి కదా. ఇథియోపియా వాళ్లు వస్తే 'నూగ్' అని చెబితే వెంటనే పోల్చుకుంటారు, వాళ్లకిది ఇంటి పంట.

రుచి చెప్పడానికి 'నటీ' అని మాత్రం రాయొద్దన్నా. నట్స్ పడనివాళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోతారు. 'వేయించిన గింజల కమ్మదనం, కొంచెం చేదు' అంటే సరిపోతుంది. ఇంకోటి, అదే మిక్సీలో నువ్వులు కూడా పడుతుంటే ఆ సంగతి విడిగా రాయించండి.