సముద్రంలో పడిన ఇచ్ఛాపురం

మొన్న ఆదివారం మా అమ్మాయి పటం నింపుకుంటూ ఇచ్ఛాపురాన్ని సముద్రంలో పెట్టింది. పదో తరగతి చదువుతున్న పిల్ల, పుట్టి పెరిగిన ఊరు! "నాన్నా, అక్షాంశం సరిగ్గానే వేశాను కదా!" అని ఉక్రోషం. నిజమే. తప్పు అక్షాంశంలో లేదు, తీరరేఖలో ఉంది. కళింగపట్నం నుంచి తీరాన్ని నిట్టనిలువుగా పైకి గీసేసింది. మన తీరం అలా నిలబడదు, తూర్పుకు బాగా ఒరిగిపోతుంది.

కాగితం తెప్పించి, 84, 85 రేఖాంశాల మధ్య పది సెంటీమీటర్ల వెడల్పున, 18వ అక్షాంశం నుంచి పదిహేను సెంటీమీటర్ల ఎత్తున ఒక డబ్బా గీయమన్నాను. డిగ్రీకి పది సెంటీమీటర్లన్న మాట. కళింగపట్నం ఎడమ అంచు నుంచి ఒకటింబావు సెంటీమీటరు లోపలికి, అడుగు నుంచి మూడున్నర పైకి వచ్చింది. బారువ ఆరు లోపలికి, తొమ్మిది పైకి. ఈ రెంటినీ కలిపి గీతను అలాగే పైకి పోనిస్తే, ఏడు లోపలికి పదకొండు పైకి పెట్టిన ఇచ్ఛాపురం చుక్క గీతకు ఎడమ పక్కన, అంటే నేలమీద, తీరానికి కొద్దిమైళ్ళ దూరంలో పడింది. ఊరు గీతకు కుడివైపున పడితే గీతే తప్పని తెలుసుకోవాలి. డిగ్రీ రేఖాంశం ఇక్కడ డిగ్రీ అక్షాంశం కంటె కాస్త పొట్టి. ఆ తేడా బడిపటంలో కనిపించదు.

తీరం కుదిరితే నదులు వాటంతటవే కుదురుతాయి. వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. బాహుదా మన ఊరి పక్కనే. మూడూ వాయవ్యపు కొండల నుంచి వచ్చేవే. పిల్లలు వంశధారను రాష్ట్రపు సరిహద్దు దగ్గర మొదలుపెడతారు. అది పుట్టింది ఒడిశాలో. గీత అక్కడినుంచి రావాలి.

రేవుల పేర్లు నీటివైపు రాస్తే నేలమీద చోటు మిగులుతుంది. కళింగపట్నం, బారువ ఒకప్పటి రేవులు. మూలపేట పనులు 2023లో మొదలయ్యాయి. ఈ ముగ్గురినీ విశాఖతో సమానంగా "ప్రధాన రేవు" అని రాయకూడదు. భావనపాడు వైపు ఇసుకలోని ఇల్మనైటు, మోనజైటులకు తీరం వెంట సన్నని పట్టీ చాలు. అమ్మాయి జిల్లా అంతా రంగు పూసింది, చెరిపించాను.

వానలకు మాత్రం దక్షిణ కోస్తా నోట్సును ఇక్కడికి లాగకండి. మనకు పెద్ద వాటా నైరుతిదే. అక్టోబరు తుఫానులు వేరు. 2018లో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది.

ఇంకొకటి. అన్నయ్యల నోట్సులో రాష్ట్రానికి ఉత్తరపు కొస ఆదిలాబాదు. 2014 తరువాత ఆ కొస మన ఇచ్ఛాపురం వైపుకు వచ్చింది. అది విన్నాక అమ్మాయి చుక్కను కాస్త పెద్దది చేసింది.