అరవై నాలుగని అచ్చేసి ఏడు అమ్మారు

మా అవ్వ గొంతు గంటసేపే మిగిలింది. నేను తీసింది నాలుగు గంటల పైమాటే. కళ్యాణదుర్గం పక్క మా ఊర్లో, పంచలో శనక్కాయలు ఒలుచుకుంటూ ఆమె పాడిన కలుపు పాటలు, ఏ బావి ఏ కరువులో ఎండిందో వరసగా చెప్పిన ముచ్చట్లు, మా తాత సుగ్గికి పోయి తిరిగొచ్చిన కథ. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా ఫోన్లో తీసి, అందులో వేసిన మెమరీ కార్డులోనే దాచుకున్నాను. కార్డు మీద 64 జీబీ అని పెద్దక్షరాలతో ఉంది. దాని పక్కన సి అక్షరం చుట్టిన 10 ఉంది. అనంతపురంలో ఒక అంగట్లో మూడు వందలిచ్చి కొన్నాను.

అవ్వ పోయిన పదకొండో రోజు చుట్టాలందరికీ చూపిద్దామని కార్డును కంప్యూటర్‌కు పెట్టాను. ఫైళ్ల పేర్లన్నీ ఉన్నాయి, తేదీలున్నాయి, సైజులున్నాయి. మొదటి గంట వీడియోలు ఆడాయి. ఆ తర్వాతవి ఒక్కటి కూడా తెరుచుకోలేదు. రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పరుగెత్తాను. ఆ పిల్లోడు రాత్రంతా ప్రయత్నించి పొద్దున ఫోన్ చేసి, "అన్నా, ఇది చెరిగిపోయింది కాదు, అసలు రాయనే లేదు" అన్నాడు. చెరిగింది ఎక్కడో ఒకచోట కొంతైనా దొరుకుతుంది. రాయనిది ఎక్కడని వెతుకుతాం?

ఆ కార్డును పరీక్షకు పెట్టాను. జర్మనీలో సీటీ అనే కంప్యూటర్ పత్రిక వాళ్లు ఎప్పుడో ఇచ్చిన చిన్న ప్రోగ్రాం ఒకటుంది, పేరు H2testw. ఉచితం. కార్డులో ఉన్నదంతా వేరేచోట దాచి, కార్డును ఖాళీ చేసి, all available space ఎంచుకుని Write + Verify నొక్కితే చాలు. తనకు తెలిసిన లెక్క ప్రకారం అంకెలను కార్డు నిండేదాకా రాస్తుంది, తర్వాత మొదటి నుంచి చివరిదాకా తిరిగి చదివి, రాసిందే ఉందో లేదో పోల్చి చూస్తుంది. నా కార్డుకు అయిదున్నర గంటలు పట్టింది. చివర్లో వచ్చిన మాట ఇది:

```
The media is likely to be defective.
7.4 GByte OK (15523840 sectors)
52.0 GByte DATA LOST (109047808 sectors)
```

అరవై నాలుగని అచ్చేసిన కార్డులో నిజంగా నిలిచే చోటు ఏడు చిల్లర. ఎనిమిదో వంతు. నలభై కిలోల శనక్కాయ మూటకు డబ్బులు కట్టి ఇంటికి తెచ్చి విప్పితే అయిదు కిలోల కాయ, మిగతాదంతా గాలి అన్నమాట. మూటైతే ఎత్తేటప్పుడే చేతికి తెలుస్తుంది. గోరంత కార్డు బరువులో ఏం తెలుస్తుంది?

మోసం ఎలా జరుగుతుందో తెలుసుకున్నాక నా కోపం ఇంకా పెరిగింది. ప్రతి కార్డులో, ప్రతి పెన్ డ్రైవ్‌లో రెండు భాగాలుంటాయి. అంకెలను దాచే చిప్పు ఒకటి, దాన్ని నడిపే కంట్రోలర్ ఇంకొకటి. "నీలో ఎంత చోటుంది?" అని ఫోన్ అడిగితే జవాబు చెప్పేది కంట్రోలర్. 8 జీబీ చిప్పు పెట్టి, "64 ఉందని చెప్పు" అని కంట్రోలర్‌కు నేర్పి పంపుతారు. ఇది పొరపాటున జరిగేది కాదు. ఎవరో కూర్చుని, సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ అంకెను మార్చి, పైన అచ్చు వేసి, ప్లాస్టిక్ అట్టలో పెట్టి పంపిన పని. ఎనిమిది దాటాక వచ్చే వీడియోను కంట్రోలర్ "రాశాను" అంటుంది, పారేస్తుంది. కొన్ని కార్డులైతే మళ్లీ మొదటికొచ్చి పాతవాటి మీదే రాసేస్తాయి. అప్పుడు ఉన్నవీ పోతాయి.

మరి ఫైళ్ల పేర్లు ఎందుకు కనిపించాయి? పేర్లు, సైజులు రాసుకునే పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది. ఆ మొదటి భాగం నిజమైన చిప్పే. కాబట్టి పట్టిక చెక్కుచెదరదు, లోపలి సరుకే ఉండదు. తీసిన సాయంత్రం అవ్వకు చూపిస్తే వీడియో చక్కగా ఎందుకు ఆడింది? అప్పుడే రాసినదాన్ని ఫోన్ కొంతసేపు తన సొంత మెమరీలో పట్టుకుని ఉంటుంది, ఆడింది అక్కడినుంచి. గ్యాలరీలో కనిపించే చిన్న బొమ్మలను కూడా ఫోన్ తన దగ్గరే దాచుకుంటుంది. నేను ప్రతిసారీ చూసుకున్నాను, జాగ్రత్తగానే ఉన్నాను. అందుకే ఎవరైనా "చూసుకోవద్దా" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

కార్డు తీసుకుని అంగడికి పోయాను. ఆయన దాన్ని కంప్యూటర్‌కు పెట్టి, Properties తెరిచి, "ఇదో, 59.4 చూపిస్తాంది కదప్పా" అన్నాడు. ఆ 59.4 మీద జనానికి రెండు అపోహలున్నాయి. 64 కొంటే 59 వచ్చింది కాబట్టి మోసపోయామని కొందరు పోట్లాడతారు. అది మోసం కాదు. తయారీదారు వెయ్యి లెక్కన కొలుస్తాడు, 64 జీబీ అంటే 6,400 కోట్ల బైట్లు. విండోస్ 1,024 లెక్కన భాగిస్తుంది, అందుకే 59.6 దగ్గర ఆగుతుంది. ఆ లెక్కలోనే 32 జీబీ 29.8 అవుతుంది, 128 జీబీ 119.2 అవుతుంది. ఇంకో చిన్న తేడా ఏమైనా ఉంటే అది ఫార్మాట్‌కు పోయే చోటు. రెండో అపోహ దీనికంటే చేటు చేసేది: 59 చూపించింది కాబట్టి అసలైనదే అనుకోవడం. Properties కొలిచి చెప్పదు, కంట్రోలర్ చెప్పిన మాటనే మనకు అప్పజెప్తుంది. దొంగను పట్టుకొచ్చి "నువ్వు దొంగవా?" అని అడిగి, కాదన్నాడని వదిలేయడమే అది. ఫార్మాట్ చేసినా అంతే, ఆ అబద్ధం మీదే పట్టిక కొత్తగా గీసుకుంటుంది.

పరీక్ష ఫలితం చూపించాను. "మూడొందల దానికి ఇంత రాద్ధాంతమా? కావాలంటే ఇంకోటి తీస్కపో" అన్నాడు. అదే అట్ట, అదే అచ్చు. బిల్లు అడిగితే "ఇట్లాంటివాటికి బిల్లుండదు" అన్నాడు. జిల్లాలో ఒక ఆఫీసుకు పోయి చెప్పుకుంటే, అక్కడి మనిషి తలెత్తకుండానే "ఇది తూకం సరుకు కాదు కదా" అన్నాడు. ప్యాకెట్లో అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదుకు నంబరు ఉండాలని 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెప్తున్నాయి. నా కార్డు అట్ట మీద వీటిలో ఒక్కటీ లేదు. ఆ అట్టను ఆ ఆఫీసు మనిషి బల్ల మీదే పెట్టాను. దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

మా పక్క కార్డంటే పాటల డబ్బా ఒక్కటే కాదు. సిగ్నల్ సరిగా అందని ఊర్లలో పిల్లలు పోటీ పరీక్షల పాఠాలను టౌనులో ఎక్కించుకుని తెచ్చుకుంటారు. బెంగళూరుకు పనికి పోయినవాళ్లు ఇంటి మనుషులను అందులోనే వెంట తీసుకుపోతారు. పెళ్లి వీడియోను స్టూడియోవాళ్లు పెన్ డ్రైవ్‌లోనే చేతికిస్తారు. సంవత్సరం తర్వాత తెరిచి చూసుకుంటే మంగళసూత్రం దాకా ఉండి తలంబ్రాలు లేకపోతే, ఆ పెళ్లి మళ్లీ చేస్తారా?

వేగం సంగతీ ఇంతే. సి లో 10 ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ వరసగా రాయగలదని మాట ఇచ్చినట్టు. యు లో 1 ఉన్నా 10 ఎంబీయే. యు లో 3 ఉన్నా, V30 అని ఉన్నా 30 ఎంబీ. నా కార్డు రాసిన వేగం 4.2. కార్డు మీద పెద్దగా 100 MB/s అని ఉంటే అది చాలామట్టుకు చదివే వేగం, అదీ గరిష్ఠం. వీడియో తీసేవాడికి కావలసింది రాసే కనీస వేగం. పెన్ డ్రైవ్‌కైతే ఇలాంటి తరగతి గుర్తే ఉండదు. యూఎస్‌బీ 3 అన్న మాట తీగ దారి ఎంత వెడల్పో చెప్తుంది, లోపలి చిప్పు ఎంత వేగంగా రాస్తుందో చెప్పదు. H2testw చివర్లో రాసిన వేగం, చదివిన వేగం కూడా చూపిస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: పాత యూఎస్‌బీ 2 రంధ్రంలో పెట్టి యు 3 కార్డును తిట్టకూడదు, ఆ దారే ఇరుకు. 10 వస్తుందా రాదా తేల్చడానికి మాత్రం అది చాలు.

కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్‌తోనే కొంత తేల్చుకోవచ్చు. కొన్న రోజే కార్డును పెద్ద పెద్ద వీడియోలతో పూర్తిగా నింపండి. ఒకే సినిమాను పదిసార్లు కాపీ చేయొద్దు. మొదటికొచ్చి మీద రాసే కార్డులో ఒక కాపీ మీద ఇంకో కాపీ పడి, అన్నీ బాగున్నట్టే కనిపించే ప్రమాదముంది. వేర్వేరు ఫైళ్లు వేయండి. ఫోన్ ఆపేసి, కార్డు తీసి, మళ్లీ పెట్టి, మొదట వేసినదాన్ని, నడిమిదాన్ని, చివరిదాన్ని తెరిచి, ఒక్కోదాన్ని చివరి నిమిషం దాకా జరిపి చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు దాటకముందే ఈ పని కావాలి. కొన్ని వందల రూపాయలకు 1 టీబీ, 2 టీబీ పెన్ డ్రైవ్ అని కనిపిస్తే పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ ధరకు అంత చిప్పు రాదు.

బిల్లు అడిగి తీసుకోండి. బిల్లు, అట్ట, పరీక్ష ఫలితం ఫొటో ఉంటే 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు పోవచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. నా దగ్గర బిల్లు లేదు. ఆ మాట చెప్పుకోవాలంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

ఆ అంగడాయనను నేను అడిగేది పెద్ద కోరిక కాదు. కొత్త పెట్టె దిగినప్పుడు అందులోంచి ఒక్క కార్డు తీసి, రాత్రి షట్టర్ వేసేముందు పరీక్షకు పెట్టి పోవాలి. పొద్దున తెరిచేసరికి ఫలితం తెర మీద ఉంటుంది. కంప్యూటర్ ఆయన బల్ల మీదే ఉంది. నేను మొన్న మళ్లీ పోయినప్పుడు కూడా అది నడుస్తూనే ఉంది. బెంగళూరు బస్సెక్కబోయే పిల్లోడొకడు కొత్త కార్డు కొని, అందులో వాళ్లమ్మ వీడియోలు ఎక్కించుకుంటున్నాడు. అట్ట చించి కింద పడేశారు. దాని మీద 64 అని ఉంది.