జెల్ చిత్రంలో బ్యాండ్లకన్నా ముందు చూడవలసినది వాటి వెనుకటి నేపథ్యం

మన విశ్వవిద్యాలయాలలో మార్కర్ ఆధారిత ఎంపికపై సమర్పించబడుచున్న సిద్ధాంత గ్రంథాలలో జెల్ చిత్రం లేనిది నేడు అరుదు. పరీక్షకులుగా మనము పట్టికలోని క్రిటికల్ డిఫరెన్స్ విలువను తరచి చూస్తాము, సి.వి. శాతం ఎక్కువైతే ప్రశ్నిస్తాము. జెల్ చిత్రం వచ్చేసరికి మాత్రం ల్యాడరు ఉన్నదా, బ్యాండు కనబడుచున్నదా అని చూసి పుట తిప్పివేస్తాము. సస్యశాస్త్రజ్ఞులమైన మనకు అది పరాయి విద్య అన్న సంకోచమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. నిజానికి ఈ పరిశీలనకు అణుజీవశాస్త్ర పాండిత్యంకన్నా ఓపిక గల కన్ను ఎక్కువ అవసరం.

ఈ సమస్య ఎంత విస్తృతమో తెలిపే అధ్యయనం ఒకటి 2016లో ఎంబయో పత్రికలో వెలువడినది. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 40 పత్రికలలో 1995 నుండి 2014 వరకు వచ్చిన 20,621 వ్యాసాల చిత్రాలను కంటితో పరిశీలించగా 3.8 శాతం వ్యాసాలలో ఒకే చిత్రం అనుచితంగా పునరావృతమైనట్లు తేలినది. వాటిలో కనీసం సగం ఉద్దేశపూర్వకంగా మార్చినట్లు సూచించే లక్షణాలు కలిగియున్నవి. వారు ఈ దోషాలను మూడు రకాలుగా విభజించారు: ఉన్నదున్నట్లుగా మరల వాడిన చిత్రం, తిప్పి గాని జరిపి గాని వాడిన చిత్రం, లోపలి భాగాలను మార్చిన చిత్రం. మొదటిది ఫైళ్ళు కలగలిసిన పొరపాటు కావచ్చు. మూడవది పొరపాటున జరుగుట కష్టం.

సూత్రం కన్నా ఉదాహరణ మేలు. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను ఎక్స్ఎ21 జన్యువును ఒక సన్న వరి రకంలోనికి బ్యాక్‌క్రాస్ ద్వారా చేర్చుచున్న విద్యార్థి పి.టి.ఎ.248 మార్కరుతో తీసిన అగరోజ్ జెల్ మన ముందు ఉన్నదనుకొందాము. పదహారు లేన్లలో మొదటిది ల్యాడరు, రెండవది దాత, మూడవది గ్రహీత, మిగిలిన పదమూడు బి.సి.2 ఎఫ్.1 మొక్కలు. ఈ మార్కరు కోడామినెంట్ గనుక జన్యువు ఉన్న మొక్కలో పై బ్యాండు, క్రింది బ్యాండు రెండూ కనబడాలి. లేని మొక్కలో క్రింది బ్యాండు ఒక్కటే ఉండాలి. ఆరవ లేనులోను, పద్నాలుగవ లేనులోను రెండేసి బ్యాండ్లు ఉన్నవి. పైపైన చూస్తే లోపమేమీ లేదు.

ఇప్పుడు చిత్రాన్ని పెద్దది చేసి వెలుగును పెంచి చూడండి. ఆరవ లేను క్రింది బ్యాండు ఎడమ కొసన చిన్న నొక్కు, దానిపైన సన్నని తోక ఉన్నవి. దువ్వెన పన్ను గరుకుగా ఉన్నచోట గుంత అంచు చెదిరితే ఇట్టి ఆకారం వస్తుంది. అది ఆ గుంతకే చెందిన గుర్తు. అదే నొక్కు, అదే తోక పద్నాలుగవ లేనులోను ఉన్నవంటే ఆగి ఆలోచించవలసినదే. మరియొకటి గమనించండి. విద్యుత్తు ప్రవహించునప్పుడు జెల్ మధ్యభాగం ఎక్కువ వేడెక్కి అక్కడి డి.ఎన్.ఎ. వేగంగా దిగుతుంది, అంచులలోనిది వెనుకబడుతుంది. అందుచేత కుడి అంచుకు దగ్గరి లేన్లలో బ్యాండ్ల కుడికొసలు కొంచెము పైకి లేచియుంటాయి. పదమూడు, పదిహేను లేన్లలో ఈ వాలు స్పష్టంగా ఉండి, నడుమనున్న పద్నాలుగవది మాత్రం బల్లపరుపుగా ఉంటే, ఆ బ్యాండు అక్కడ పుట్టినది కాదన్న అనుమానం బలపడుతుంది. చేను మధ్యలో ఎదిగిన మొక్కను తెచ్చి గట్టుమీద నాటినట్లే ఉంటుంది అది.

అనుమానాన్ని తేల్చేది నేపథ్యం. ఏ రెండు లేన్ల నేపథ్యంలోను నూగు ఒకే విధంగా ఉండదు. ధూళి రేణువు, ఎథిడియం బ్రోమైడ్ మరక, కెమెరా నలుసు ఒకేచోట రెండుసార్లు రావు. ఇమేజ్‌జె అను ఉచిత సాఫ్ట్‌వేరులో రెండు లేన్లను ఒకే కొలతకు కత్తిరించి, `Process > Image Calculator` లో `Difference` ఎంచుకొంటే ఒకదాని నుండి మరొకటి తీసివేయబడుతుంది. వేర్వేరు లేన్లయితే బ్యాండ్లు ఎంత పోలినా ఇసుక చల్లినట్లు నూగు మిగులుతుంది. ఒకటే అయితే నేపథ్యంతో సహా దాదాపు నలుపే మిగులుతుంది. తిప్పి అతికించినట్లు తోస్తే `Image > Transform > Flip Horizontally` తర్వాత మరల తీసివేయాలి. అతికించిన భాగం చుట్టూ నేపథ్యపు ఛాయ ఒక్కసారిగా మారే నిలువు గీత, చెరిపిన చోట నూగే లేని చదును చతురస్రం కూడ వెలుగు పెంచినప్పుడే బయటపడతాయి.

ఈ పద్ధతికి హద్దులున్నవి. వాటిని మరచి నింద వేయుట అన్యాయం. అతిగా వెలిగి తెల్లబడిన బ్యాండ్లన్నీ ఒకేలా కనబడతాయి. పి.డి.ఎఫ్. తయారీలో కుదించబడిన జెపెగ్ చిత్రంలో అసలు నూగు చెరిగిపోయి, ఎనిమిదేసి పిక్సెళ్ళ గళ్ళు మిగులుతాయి. ఆ గళ్ళ పోలికను చూసి నకలు అనరాదు. ఒకే పొరను కడిగి మరియొక ప్రోబుతో చూసినప్పుడు రెండు పటాలకు ఒకే లోడింగ్ కంట్రోలు వాడుట న్యాయమే, కాని ఆ సంగతి చిత్రం క్రింద వ్రాయాలి. వేర్వేరు లేన్లను ప్రక్కప్రక్కన చేర్చినా, చేరిక వద్ద గీత గీసి చెప్పితే దోషము లేదు.

"ప్రయోగం చేసినమాట నిజమే కదా, చిత్రం శుభ్రపరిస్తే ఏమి?" అని కొందరు అడుగుతారు. మొక్కలలో ఆర్.ఎన్.ఎ. సైలెన్సింగ్‌పై ప్రసిద్ధి గాంచిన ఒలివియర్ వోయినెట్ ఉదంతం దీనికి సమాధానం. 2015లో జూరిచ్‌లోని ఇ.టి.హెచ్. విచారణ ప్రయోగాలు జరిగినవనే పేర్కొన్నది, కాని చిత్రాల కూర్పు దోషభూయిష్టమని తేల్చినది. ప్లాంట్ సెల్ పత్రికలో 2004లో వచ్చిన వ్యాసం ఉపసంహరించబడినది. ఎంబో సంస్థ 2009లో ఇచ్చిన స్వర్ణపతకాన్ని వెనుకకు తీసుకొన్నది. చదువరి చేతిలో ఉండేది చిత్రమే గాని ప్రయోగం కాదు.

మన ఉదాహరణకే వస్తే, పద్నాలుగవ లేనులోని మొక్కలో జన్యువు లేదనుకొందాము. దానినే తరువాతి బ్యాక్‌క్రాస్‌కు వాడితే, సంతతిలో పై బ్యాండు రాక, ఆకు కొసలు కత్తిరించి బాక్టీరియా ఎక్కించినపుడు తెగులు ఆగక, ఒక పంటకాలం వ్యర్థమవుతుంది. ప్రక్క ప్రయోగశాల ఆ గ్రంథాన్ని నమ్మి విత్తనం అడిగి తెచ్చుకొంటే నష్టం రెండింతలు.

కావున నా సూచన ఒక్కటే. సిద్ధాంత గ్రంథంతోపాటు ప్రతి జెల్ యొక్క కత్తిరించని మూల చిత్రాన్ని, జెల్ డాక్యుమెంటేషన్ యంత్రం ఇచ్చిన టిఫ్ ఫైలుగానే, తేదీతో సహా జతచేయుట తప్పనిసరి చేయాలి. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుండే అంగీకరించిన వ్యాసాల చిత్రాలను ప్రచురణకు ముందు పరిశీలించుచున్నది; మనకు అంత యంత్రాంగం అక్కరలేదు, ఒక డిస్కు చాలును. పరీక్షకుడు అనుమానం కలిగినచోట "మోసం" అన్న మాట వ్రాయరాదు. "3వ పటంలో 6, 14 లేన్ల క్రింది బ్యాండ్లు, వాటి ఎడమవైపు నేపథ్యం ఒకేవిధంగా కనబడుచున్నవి, మూల చిత్రం పంపగలరు" అని వ్రాసి, లేను సంఖ్యలతో కత్తిరించిన రెండు ముక్కలను ప్రక్కప్రక్కన జతపరచిన చాలును. మూల చిత్రం వస్తే అయిదు నిమిషాలలో సంగతి తేలిపోతుంది. రాకపోతే ఆ మొక్కల డి.ఎన్.ఎ. ఫ్రీజరులో ఉండే ఉంటుంది గనుక మార్గదర్శి సమక్షంలో ఆ రెండు నమూనాలకే పి.సి.ఆర్. మరల చేయించవచ్చును, దానికి ఒక పూట పడుతుంది.