పన్నెండేళ్ళ అనుభవం, ఆరు పేజీల రెజ్యూమె

అనుభవం ఉన్నవాళ్ళ రెజ్యూమె ఒక పేజీలో ఉండాలా, రెండు పేజీలైనా ఫరవాలేదా అన్న వాదన మన ఐటీ జనాల్లో ఎప్పటికీ తెగేది కాదు. నా మాట ముందే చెప్పేస్తాను. పది పన్నెండేళ్ళ అనుభవం ఉంటే రెండు పేజీలు. తాజా ఉద్యోగం పైన, పాతవి వరసగా కింద. స్కిల్స్ ప్రకారం విడగొట్టి రాసే పద్ధతి వద్దేవద్దు (ఒకటి రెండు మినహాయింపులున్నాయి, వాటి సంగతి కింద చెప్తాను).

ఒక పేజీ సిద్ధాంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిందే. అమెరికాలో ఎమ్మెస్ చేసినవాళ్ళకి యూనివర్సిటీ కెరీర్ సెంటర్ వాళ్ళు నేర్పేది అదే. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చేవాడికి అది సరైన సలహానే, ఎందుకంటే రెండో పేజీలో రాయడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు. అదే మనిషి పన్నెండేళ్ళ తర్వాత కూడా ఆ నియమాన్ని పట్టుకుని వేలాడితేనే చిక్కు. ఎనిమిది పాయింట్ల ఫాంటు, అర అంగుళం కూడా లేని మార్జిన్లు, భూతద్దం పెట్టుకుని చదవాలి. గూగుల్‌లో హెచ్చార్ విభాగానికి పెద్దగా పనిచేసిన లాస్లో బాక్ 2014లో ఒక లెక్క చెప్పాడు, పదేళ్ళ అనుభవానికి ఒక పేజీ చొప్పున వేసుకోమని. మోటు లెక్కే గానీ నాకు నచ్చింది. ఇరవై ఏళ్ళున్నా రెండు పేజీలు దాటక్కర్లేదని దాన్నిబట్టే తెలుస్తోంది కదా.

అసలు మన దగ్గర రోగం ఒక పేజీ కాదు, ఆరు పేజీలు. మా టీములోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చూసే పని కొన్నేళ్ళుగా నా నెత్తిన ఉంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆ మధ్య నాతో పాత ఉద్యోగంలో పనిచేసిన ఒక తమ్ముడు "అన్నా, కాల్సే రావట్లేదు, ఒకసారి చూడవా" అని తన రెజ్యూమె పంపాడు. జావా బ్యాకెండ్ మనిషి, పని బాగా తెలిసినవాడు. 2013 జూన్‌లో ఒక చిన్న కంపెనీలో చేరి, 2015లో పెద్ద సర్వీసెస్ కంపెనీకి వెళ్ళి, 2022 ఏప్రిల్ నుంచి ఇప్పటి కంపెనీలో ఉన్నాడు. అంటే మూడు ఉద్యోగాలు. కానీ ఆ రెజ్యూమె చూస్తే ఎనిమిది ఉద్యోగాల్లా కనపడుతోంది!

ఎందుకంటే దాన్ని ప్రాజెక్టుల లెక్కన రాశాడు. ప్రాజెక్ట్ 1, క్లయింటు పేరు, ఎన్విరాన్మెంటు, ఆ క్లయింటు ఏ దేశంలో ఏం వ్యాపారం చేస్తాడో అయిదారు లైన్ల వర్ణన, ఆ కింద రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్ అని ఎనిమిది బుల్లెట్లు. ఇలా ఎనిమిది ప్రాజెక్టులు. "రిక్వైర్మెంట్ గ్యాదరింగ్‌లో పాల్గొన్నాను" అన్న ముక్క ఎనిమిది చోట్లా ఉంది. తను పనిచేసిన కంపెనీల పేర్లు మాత్రం మొదటి పేజీలో ఒక మూల చిన్న పట్టికలో ఉన్నాయి.

సర్వీసెస్ కంపెనీల్లో పనిచేసినవాళ్ళందరూ గమనించాల్సిన విషయం ఇదే. క్లయింటు పేరు పైన పెద్దక్షరాల్లో, దాని పక్కన తేదీలు పెడితే చదివేవాళ్ళు దాన్నే కంపెనీ అనుకుంటారు. ఆరున్నరేళ్ళు ఒకేచోట నిలకడగా పనిచేసినవాడు అయిదు చోట్లకి మారినట్టు కనపడతాడు. అప్లికేషన్ తీసుకునే సాఫ్ట్‌వేర్లదీ అదే తంతు. రెజ్యూమె అప్‌లోడ్ చేయగానే కంపెనీ, హోదా, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్న గళ్ళని అవే నింపుకుంటాయి, క్లయింటు పేరుని తీసుకెళ్ళి కంపెనీ గడిలో పడేస్తాయి. కాబట్టి కంపెనీ పేరు ఒక్కసారే, మొత్తం తేదీలతో, శీర్షికగా ఉండాలి. దాని కింద చెప్పుకోదగ్గ రెండు మూడు ప్రాజెక్టులు ఉంటే చాలు. మిగతావి వదిలేస్తే కొంపలేం మునగవు.

తర్వాత మేమిద్దరం కూర్చుని ఆ బుల్లెట్లు ఒక్కొక్కటీ చూశాం. మూడో పేజీలో ఒకటి ఉంది: "రెస్పాన్సిబుల్ ఫర్ పెర్ఫార్మెన్స్ ట్యూనింగ్ ఆఫ్ బ్యాచ్ జాబ్స్". ఇది ఇప్పటి కంపెనీలో చేసిన పనే. ఏం చేశావయ్యా అని అడిగితే అప్పుడు చెప్పాడు. రాత్రి నడిచే సెటిల్మెంట్ బ్యాచ్ ఒకటి అయిదు గంటలు పట్టేదట, కొన్ని రోజులు తెల్లారేసరికి కూడా అయ్యేది కాదట. ఒక్కో రికార్డుకీ ఒక్కోసారి డేటాబేస్‌కి వెళ్ళొస్తోందని కనిపెట్టి, వెయ్యేసి రికార్డుల చొప్పున చదివేలా మార్చాడు, లేని ఇండెక్స్ ఒకటి పెట్టాడు. 50 నిమిషాలకొచ్చింది. ఇంత మంచి విషయాన్ని "రెస్పాన్సిబుల్ ఫర్" అని రాసి మూడో పేజీలో పాతిపెట్టాడు! నేను గానీ ఇంటర్వ్యూ చేసేవాణ్ణయితే అరగంట దాని మీదే మాట్లాడేవాణ్ణి. దాన్ని రెండు లైన్లు చేసి మొదటి పేజీ మధ్యలో పెట్టాం: ఏం తగ్గింది, ఎంత నుంచి ఎంతకి, ఏం మార్చడం వల్ల.

అరవై పైచిలుకు బుల్లెట్లలో ఇలా చెప్పుకోడానికి కథ ఉన్నవి పదమూడు తేలాయి. మిగతావి జావా రాసే ప్రతివాడూ చేసే పనులే. ఆ పదమూడింట్లో ఆరు ఇప్పటి కంపెనీవి, అయిదు సర్వీసెస్ కంపెనీవి, రెండు మొదటి ఉద్యోగానివి. మొదటి పేజీలో పేరు, ఫోను, ఊరు, నోటీస్ పీరియడ్ ఒక లైనులో, తర్వాత మూడు లైన్ల పరిచయం, మూడు లైన్ల స్కిల్స్, ఆ కింద ఇప్పటి కంపెనీ. పాత రెండు ఉద్యోగాలూ, చదువూ రెండో పేజీలోకి. 2013 నాటి స్ట్రట్స్ ప్రాజెక్టుకి ఒక్క లైను. రెండో పేజీలో పావు వంతు ఖాళీ కూడా మిగిలింది. అంటే ముందు పేజీల సంఖ్య అనుకుని దానికి సరిపడా నింపలేదు, ఉంచదగ్గవి ఉంచితే అన్ని పేజీలు వచ్చాయి. ఇదే పని ఆరేళ్ళ అనుభవం ఉన్నవాడు చేస్తే ఒక పేజీ వస్తుంది, రావాలి కూడా.

అన్నట్టు, చివర తండ్రి పేరు, పెళ్ళయిందా లేదా, పాస్‌పోర్ట్ నంబరు, పైన రాసిందంతా నిజమేనని ప్రమాణం, స్థలం హైదరాబాద్ అని ఉంటుంది చూడండి, అదంతా తీసేశాం. అది పాతకాలపు బయోడేటా తోక. పాస్‌పోర్ట్ నంబరు ఊరందరికీ పంచడం ప్రమాదం కూడా.

ఇక స్కిల్స్ పద్ధతి. మావాడికి ఎవరో స్నేహితుడు సలహా ఇచ్చాడట, కంపెనీలన్నీ చివర్లో చిన్నగా పెట్టి పైన బ్యాకెండ్, డేటాబేస్, లీడర్షిప్ అని మూడు ముక్కలుగా రాయమని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చదివేవాడి వైపు నుంచి చూడండి. "కాఫ్కా మీద మెసేజింగ్ వ్యవస్థ కట్టాను" అని ఉంటుంది. ఎక్కడ? ఎప్పుడు? 2017లో మూణ్ణెల్లు ముట్టుకున్నాడా, ఇప్పుడు రోజూ దాని మీదే పనిచేస్తున్నాడా? ఈ రెంటికీ హస్తిమశకాంతరం ఉంది. స్కిల్స్ పద్ధతిలో ఆ తేడా చెరిగిపోతుంది. మన దగ్గర దీనికి ఇంకో కోణం ఉంది. దొంగ అనుభవం పెట్టించే కన్సల్టెన్సీల సంగతి అమీర్‌పేట మెట్లెక్కిన ప్రతివాడికీ తెలుసు. తేదీలు వెనక్కి నెట్టిన రెజ్యూమె కనపడగానే ఏదో దాస్తున్నాడన్న అనుమానమే ముందు వస్తుంది. నిజాయితీగా పనిచేసినవాడు కోరి ఆ వరసలో ఎందుకు నిలబడాలి? ఎలాగూ ఆఫర్ వచ్చాక రిలీవింగ్ లెటర్లు అడుగుతారు, చాలాచోట్ల యూఏఎన్ కింద ఉన్న పీఎఫ్ సర్వీస్ హిస్టరీ కూడా చూస్తారు. అందుకే నెల, సంవత్సరం రెండూ రాయాలి, అవి ఆ కాగితాలతో సరిపోవాలి.

మినహాయింపులన్నాను కదా. టెస్టింగ్ నుంచి డేటా ఇంజనీరింగ్‌కి మారాలనుకునేవాళ్ళకి వట్టి వరస పద్ధతి అన్యాయం చేస్తుంది, వాళ్ళ అసలు పని నాలుగో బుల్లెట్‌లో మరుగున పడుతుంది. వాళ్ళు పైన నాలుగు లైన్లు ఆ కొత్త పనికి సంబంధించినవి పెట్టుకోవచ్చు, అయితే ప్రతి లైను చివరా ఏ కంపెనీలో, ఏ ఏడాదిలో అన్నది ఉండాలి. ఆ కింద మామూలు వరసే. పిల్లల కోసమో, పెద్దవాళ్ళ ఆరోగ్యం కోసమో మానేసినవాళ్ళ విషయంలో అయితే ఆ వరసలోనే "కెరీర్ బ్రేక్, జూన్ 2019 – మార్చి 2022" అని ఒక లైను పెట్టేయడం మేలు. స్కిల్స్ పద్ధతితో దాచబోతే గ్యాప్ దాగదు సరికదా, అడిగే ప్రశ్న ఇంకా పదునుగా వస్తుంది.

రూపం విషయంలో ఒకే ఒక్క పరీక్ష చెప్తాను. రెండు కాలమ్‌ల అందమైన టెంప్లేట్లు, టెక్స్ట్ బాక్సులు, ఫోన్ నంబరు హెడర్లో పెట్టడం, వీటిల్లో ఏది ఎక్కడ దెబ్బ తింటుందో కంటికి కనపడదు. లినక్స్ ఉన్నవాళ్ళు ఇలా చేసి చూడండి:

```
pdftotext resume.pdf resume.txt
```

వచ్చిన ఫైలు తెరిచి చదవండి. ఒక కంపెనీ తేదీలు ఇంకో కంపెనీ కింద పడ్డాయా, స్కిల్స్ వాక్యాల మధ్యలో దూరాయా, ఫోన్ నంబరు ఉందా లేదా తెలిసిపోతుంది. అన్ని సాఫ్ట్‌వేర్లూ ఇలాగే చదవవు గానీ, ఇందులోనే కలగాపులగంగా వస్తే అక్కడ బాగా వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఆ కమాండ్ లేకపోతే పీడీఎఫ్‌లో అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసినా చాలావరకు పనవుతుంది.

ఇదంతా నేరుగా కంపెనీకి అప్లై చేసేవాళ్ళకి. అమెరికాలో వెండర్ల ద్వారా కాంట్రాక్టులు చేసేవాళ్ళ లోకం వేరు. అక్కడ వెండరే ప్రాజెక్టు వారీగా, ఎన్విరాన్మెంటు లైన్లతో సహా పొడుగు రెజ్యూమె అడుగుతాడు, ఎందుకంటే వాడు క్లయింటు ఇచ్చిన జాబితాతో పదానికి పదం సరిపోల్చుకోవాలి. వాళ్ళతో రెండు పేజీల వాదన పెట్టుకుని లాభం లేదు. అన్నీ ఉన్న పెద్ద ఫైలు ఒకటి ఇంట్లో ఉంచుకుని, వాళ్ళకది, కంపెనీలకి రెండు పేజీలది పంపండి. కాకపోతే క్లయింటుకి చివరికి ఏ కాపీ పంపారో వెండర్ని అడిగి తెప్పించుకోండి. వర్డ్ ఫైలు చేతికిస్తే మధ్యలో వాళ్ళే రెండు టెక్నాలజీలు చేర్చి పంపిన సందర్భాలున్నాయి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ రెంటి మీదే పడుతుంది.