‘పంపగలరు’ అనే మాటకు ఇంగ్లీషు

తెలుగులో అర్జీ రాసేవారు చివరి వాక్యంలో “దయచేసి నా ధ్రువపత్రమును పంపగలరు” అని రాయడం మనకందరకు అలవాటైన పద్ధతి. పెండ్లి పత్రికలో “వధూవరులను ఆశీర్వదించగలరు” అంటాము. సభల కరపత్రాలలో “విచ్చేసి జయప్రదం చేయగలరు” అంటాము. ఈ ‘గల’ అనేది కలిగి ఉండుటను తెలిపే మాట. ధనము గలవాడు ధనవంతుడైనట్లే, పంపగలవారు అంటే పంపే శక్తి గలవారు. ఆ పని మీ చేతిలో ఉన్నది, మీరు చేయుదురని మా నమ్మకము అని చెప్పడమే ఈ ప్రయోగంలోని మర్యాద. వాక్యం ప్రశ్న కాదు, ఆజ్ఞ కూడా కాదు. అయినా వినేవానికి అది విన్నపమని తెలుస్తుంది.

చిక్కంతా ఈ వాక్యాన్ని ఇంగ్లీషు ఈ-మెయిల్‌లోకి దించేటప్పుడు వస్తున్నది. ‘గల’ అంటే ‘కెన్’ అని బడిలో నేర్చుకున్నాము గనుక, మన విద్యార్థి “యు కెన్ సెండ్ మై సర్టిఫికెట్” అని రాస్తాడు. కొంచెం గౌరవంగా ఉండాలనుకున్నవాడు “యు మే సెండ్ మై సర్టిఫికెట్” అంటాడు. మొదటి వాక్యానికి ఇంగ్లీషులో “నీవు నా సర్టిఫికెట్ పంపవచ్చు, నాకభ్యంతరము లేదు” అనే అర్థం వస్తుంది. రెండవదానికి “పంపుటకు నీకు అనుమతి ఇస్తున్నాను” అనే అర్థం వస్తుంది. అధికారిని వేడుకోబోయి అధికారికే అనుమతి మంజూరు చేసినట్లయినది! విద్యార్థి మనసులో ఉన్న వినయం ఒక్క చుక్క కూడా అవతలికి చేరలేదు. తప్పు వినయంలో లేదు, వాక్య నిర్మాణంలో ఉన్నది.

దీనికి కారణమేమిటో ఆలోచించాలి. తెలుగులో మర్యాద క్రియ చివరనే కూర్చుని ఉన్నది. నీవు, మీరు, తమరు అని మెట్లున్నవి. ‘పంపు’ అన్నదానికి ‘పంపండి’ అని రెండక్షరాలు చేరిస్తే చాలు, గౌరవం వచ్చేస్తుంది. ఉర్దూలోనూ అంతే: తూ, తుమ్, ఆప్ అని మూడంతరాలు. ‘భేజో’ అన్నది ‘భేజియే’ అయి, ఇంకా మెత్తబడితే ‘భేజ్ దీజియేగా’ అవుతుంది. నేటి ఇంగ్లీషులో అందరికీ ఒక్కటే ‘యు’. ప్రిన్సిపాలుగారైనా, పక్క బెంచీ మిత్రుడైనా అదే ‘యు’. క్రియకు గౌరవ ప్రత్యయం లేదు. కాబట్టి మన భాషలలో సర్వనామమూ ప్రత్యయమూ మోసే బరువులో ఎక్కువ భాగాన్ని ఇంగ్లీషులో కెన్, మే, కుడ్ వంటి సహాయక క్రియలే మోయవలసి వచ్చినది. అవి ఆ బరువును మోసేది ముఖ్యంగా ప్రశ్న రూపంలో. “కెన్ యు సెండ్?” అన్నప్పుడు ఎదుటివానికి కాదనే వీలు వదిలిపెట్టినట్లు ఉంటుంది. ఆ వీలే అక్కడ మర్యాద. అమెరికా తత్త్వవేత్త జాన్ సెర్ల్ 1975లో ప్రకటించిన వ్యాసంలో, భోజనాల బల్ల వద్ద “ఉప్పు అందించగలరా?” అని అడిగినవాడు ఎదుటివాని చేతి సత్తువను గురించి విచారించడం లేదని, ఉప్పు కావాలని కోరుతున్నాడని ఈ సంగతినే వివరించాడు.

మన కళాశాలలో ఒక విచిత్రమేమంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే విద్యార్థికి ఈ మొదటి పొరపాటు రానక్కరలేదు. ఉర్దూలో “ఆప్ భేజ్ సక్తే హైఁ” అంటే అచ్చంగా ఇంగ్లీషులో వలెనే అనుమతి ధ్వనిస్తుంది. విన్నపం కావాలంటే ముందు ‘క్యా’ చేర్చి ప్రశ్నగా అడగాలి. అంటే ఉర్దూ ‘సక్నా’ ఇంగ్లీషు ‘కెన్’కు దగ్గర చుట్టం. తెలుగు ‘గలరు’ దాని దారిన అది పోతుంది. అయితే అన్ని పాఠాలూ తెలుగులో చదివి, అర్జీలు తెలుగులోనే రాసి అలవాటుపడిన ఉర్దూ విద్యార్థి కూడా కలం పట్టేసరికి తెలుగు అర్జీ దారినే పట్టవచ్చును. వానికి తన ఇంటి భాషనే గుర్తుచేస్తే సగం పాఠం చెప్పినట్లే.

ఇక బడిలో నేర్పే సూత్రం సంగతి. ‘కెన్’ శక్తికి, ‘మే’ అనుమతికి అని మన ఉపాధ్యాయులు చెప్పుతూ వచ్చారు. తరగతి గుమ్మం వద్ద నిలిచి “మే ఐ కమిన్ సార్?” అని అడగని పిల్లవాడు మార్కాపురంలో గాని, కంభంలో గాని, గిద్దలూరులో గాని ఉండడు. ఆ వాక్యం సరియైనదే. కాని దానినుండి “కెన్ కంటే మే మర్యాద గలది” అనే భాగం మాత్రం గుర్తుండిపోయి, కర్త ఎవరన్నది మరుగున పడిపోయినది. ‘మే’తో అడిగే ప్రశ్నలో సాధారణంగా కర్త ‘నేను’ లేక ‘మేము’: నేను రావచ్చునా, నేను అడగవచ్చునా అని. కర్తను ‘యు’ చేసి “మే యు సెండ్” అంటే అది విన్నపం కాదు. ‘మే’ ముందు వచ్చి ‘యు’ తరువాత వస్తే అది ఆశీర్వచనపు బాణీ, మన దీర్ఘాయుష్మాన్ భవ వంటిది. సర్టిఫికెట్ పంపమని కోరబోయి గుమాస్తాగారిని దీవించి వచ్చినట్లవుతుంది. కనుక మా అభిప్రాయంలో, పని చేయవలసినది ఎవరు అన్నది ముందు చూడాలి. పని మనది అయితే ‘మే ఐ’. పని వారిది అయితే ‘కుడ్ యు’, చనువున్నచోట ‘కెన్ యు’.

‘కుడ్’ను చూసి చాలామంది జంకుతారు. అది భూతకాలం కదా, రేపు జరగవలసిన పనికి నిన్నటి క్రియ ఎందుకని వారి సందేహం. కాని మనమూ ఈ పని చేస్తూనే ఉన్నాము. అధ్యాపకుల గది ముందు నిలిచి “సార్, ఒక సందేహం అడుగుదామనుకున్నానండి” అంటాము. అనుకోవడం నిన్నటితో అయిపోలేదు, ఇప్పుడూ అడగాలనే ఉన్నది. ఉర్దూ మిత్రుడు “ఏక్ బాత్ పూఛ్నా చాహ్తా థా” అంటాడు. అక్కడ ‘థా’ భూతకాలమే. కోరికను కాలంలో ఒక అడుగు వెనుకకు జరిపితే ఎదుటివారి మీద ఒత్తిడి ఒక అడుగు తగ్గుతుంది. ‘కెన్’ను ‘కుడ్’ చేయడంలో జరిగేది కూడా ఇదే. అర్థం మారదు, దూరం పెరుగుతుంది, మర్యాద పెరుగుతుంది.

ఇప్పుడొక ఈ-మెయిల్‌ను తీసుకుందాం. గిద్దలూరు విద్యార్థి డిగ్రీ పూర్తిచేసి హైదరాబాదులో పై చదువుకు చేరబోతున్నాడనుకుందాం. అతనికి మైగ్రేషన్ సర్టిఫికెట్ పదవ తేదీలోగా కావాలి. మన ఊళ్ల మీదుగా పోయే గుంటూరు-నంద్యాల రైలు మార్గం ఒంగోలును తాకదు. ఏ కార్యాలయానికైనా పోయి రావడమంటే బస్సు ఖర్చు, ఒక పగటి కాలం. అందుచేత ఈ నాలుగు పంక్తులకే అంత విలువ. అతడు మొదట రాసినది ఇది: “రెస్పెక్టెడ్ సర్, ఐ కుడ్ పే ద ఫీ. యు కెన్ సెండ్ మై సర్టిఫికెట్ బై పోస్ట్. మై బ్రదర్ విల్ కమ్ అండ్ టేక్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.”

మొదటి వాక్యంలో “ఫీజు కట్టగలిగాను” అని చెప్పాలని అతని ఉద్దేశం. చదివినవానికి “కావాలంటే కట్టగలను” అని తోస్తుంది. కట్టలేదేమోననుకొని కాగితం పక్కన పెట్టవచ్చు. ఒకసారి జరిగిపోయిన పనికి ‘కుడ్’ పనికిరాదు, “ఐ పెయిడ్ ద ఫీ” అని తేదీతో రాస్తే చాలు. రెండవ వాక్యం అనుమతిపత్రం. మూడవదానిలో సోదరుడు వచ్చి తీసుకుపోతాడని నిర్ణయం ప్రకటించాడు, అది కార్యాలయం ఒప్పుకోవలసిన విషయం. చివరిదానిలో ఏ పని చేయాలో లేదు, ‘తగు చర్య’ అన్నారు గనుక తగు చర్య ఏదో వారే వెదకుకోవాలి. పోస్టులో పంపాలా, సోదరుని చేతికివ్వాలా అన్నది కూడా తేలలేదు.

దీనినే ఇలా తిరిగి రాయవచ్చును. “ఐ పెయిడ్ ద ఫీ ఫర్ మై మైగ్రేషన్ సర్టిఫికెట్ ఆన్ ద సెకండ్. కెన్ ద సర్టిఫికెట్ బి సెంట్ బై పోస్ట్? ఇఫ్ సో, కుడ్ యు ప్లీజ్ సెండ్ ఇట్ టు ద అడ్రస్ బిలో బిఫోర్ ద టెన్త్? ఇఫ్ నాట్, మే ఐ సెండ్ మై బ్రదర్ విత్ ఎ లెటర్ ఆఫ్ ఆథరైజేషన్?” మూడు క్రియలూ ఇందులో ఉన్నవి, ఒకదాని చోట మరొకటి చేరలేదు. పోస్టులో పంపే ఏర్పాటు ఉన్నదా అనేది నిజంగా వీలును గురించిన ప్రశ్న, కనుక అక్కడ ‘కెన్’ తన సొంత అర్థంలో నిలిచినది. పంపడం వారు చేయవలసిన పని, కనుక ‘కుడ్ యు’. సోదరుని పంపడం మన పని, దానికి వారి అనుమతి కావాలి, కనుక ‘మే ఐ’. పైన విషయపు పంక్తిలో సర్టిఫికెట్ పేరు, రిజిస్టరు నంబరు, కింద చిరునామా ఉంటే ఇంకేమీ అక్కరలేదు. ‘ప్లీజ్’ ఒక్కసారి చాలు. “కుడ్ యు ప్లీజ్ కైండ్లీ” అని మూడు దండలు ఒకే మెడలో వేస్తే వినయం కాదు, బతిమాలడం అవుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చును. ప్రభుత్వ కార్యాలయాలలో “యు మే కైండ్లీ సెండ్” అనీ, “మే కైండ్లీ బి శాంక్షన్డ్” అనీ రాయడం ఉన్నదే, అవి తప్పులా అని. కావు. దస్త్రం మీద కింది ఉద్యోగి పై అధికారికి ప్రతిపాదన పెట్టేటప్పుడు ‘మే’ రాయడం మన కార్యాలయాల ఇంగ్లీషులో పాతుకొనిపోయిన సంప్రదాయం, అక్కడ అది ఎవరికీ నొప్పి కలిగించదు. అయితే ఆ ప్రయోగం దస్త్రంలోనిది. మన విద్యార్థి ఈ-మెయిల్ బెంగుళూరు సంస్థకో, విదేశీ విశ్వవిద్యాలయానికో పోయినప్పుడు చదివేవారికి ఆ సంప్రదాయం తెలియకపోవచ్చును. ‘కుడ్ యు’ అన్ని చోట్లా చెల్లే నాణెం, ‘యు మే’ కొన్ని చోట్లనే చెల్లుతుంది.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి. లేఖారచన పాఠంలో “ఐ బెగ్ టు స్టేట్”, “యువర్ ఒబీడియెంట్ సర్వెంట్” వంటి వాక్యాలను ఇంకా కంఠస్థం చేయించడం కంటే, ఒక పీరియడులో ‘పంపగలరు’ అనే తెలుగు వాక్యాన్నీ ‘క్యా ఆప్ భేజ్ సక్తే హైఁ’ అనే ఉర్దూ వాక్యాన్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, రెండింటికీ ఇంగ్లీషు చెప్పించడం మేలని మేము భావిస్తున్నాము. తెలుగు అధ్యాపకులు, ఉర్దూ అధ్యాపకులు, ఇంగ్లీషు అధ్యాపకులు కలిసి చెప్పదగిన పాఠమిది. ఒంగోలులో 1928లో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు జె.పి.ఎల్. గ్విన్‌తో కలిసి ఇంగ్లీషులో రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో వెలువడినది. మన క్రియారూపాలను ఇంగ్లీషు మాటలలో వివరించుకొనుటకు అధ్యాపకులకు అది తోడ్పడుతుంది.

జవాబు రానప్పుడు ఏమి చేయాలన్నది కూడా ఆ పీరియడులోనే చెప్పవలెను. కొన్ని రోజులు గడిచినా ఉలుకు లేకపోతే, కోపంతో ‘యు మస్ట్’ అనే విద్యార్థి ఒకడు, మరింత వంగి ‘బెగ్’ అనే విద్యార్థి ఒకడు ఉంటారు. ఫీజు కట్టినవానికి సర్టిఫికెట్ హక్కు, భిక్ష కాదు. ‘కుడ్’ అన్నందువల్ల హక్కు తగ్గదు, గడువును పక్కనే రాస్తే విన్నపానికి వెన్నెముక ఉంటుంది. మొదటి ఈ-మెయిల్‌ను కింద ఉంచి, పైన రెండే వాక్యాలు రాస్తే సరిపోతుంది: “ఐ రోట్ టు యు ఆన్ ద థర్డ్ అబౌట్ మై మైగ్రేషన్ సర్టిఫికెట్, విచ్ ఐ నీడ్ బిఫోర్ ద టెన్త్. కుడ్ యు టెల్ మి వెన్ ఇట్ విల్ బి సెంట్?”