బెంగళూరు మేడల చెత్త ఎక్కడికి పోతున్నది?

బెళుగుప్ప, (విలేఖరి): వేరుశనగ పండని ఏడు బెంగళూరు దారి పట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కట్టడాల పనికి పోయేవారు కొందరైతే, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఊడ్చే పని, కసువు మోసే పని చేసేవారు మరికొందరు. ఆ చెత్తకు అక్కడ ఒక లెక్క, ఒక దారి వున్నాయి. ఆ లెక్క తప్పినప్పుడు మొదట తెగేది చెత్త ఎత్తేవారి చెయ్యి.

ఊళ్ళో ఇంటి కసువు, పేడ, పశువులు వదిలిన మేత అన్నీ దిబ్బలో పడతాయి. ఏడాదికొకసారి బండ్లకెత్తి చేనికి తోలుతారు. నగరంలో రెండు వందల సంసారాలు ఒకే ఆవరణలో వుంటాయి. దిబ్బ వేసుకోవడానికి జానెడు చోటుండదు. కనుక చాలా ఏళ్ళపాటు బెంగళూరు చెత్త అంతా కలగాపులగంగా లారీలకెక్కి చుట్టుపక్కల పల్లెలకు పోయింది. ఉత్తరాన మావళ్ళిపుర ప్రజలు నీళ్ళు చెడిపోయాయని అడ్డం తిరిగారు. 2012లో అక్కడి గుట్ట మూతపడింది. ఆ భారం మండూరు మీద పడింది. ఆ ఊరివారూ రోడ్డెక్కగా 2014 డిసెంబరులో అదీ ఆగిపోయింది. లారీకి పోయే ఊరు లేకపోయిన తర్వాతనే నగరవాసికి తన వంటింటి బుట్ట మీద దృష్టి పడింది.

2012 అక్టోబరు నుంచి చెత్తను వేరుచేసి ఇవ్వాలని అప్పటి మహానగర పాలికె నిర్బంధం చేసింది. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఒక పద్ధతి ఖాయం చేసింది. ప్రతి ఇంటా రెండు డబ్బాలు, ఒక సంచి వుండాలి. ఆకుపచ్చ డబ్బాలో కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వంటి తడి చెత్త; సంచిలో కాగితం, అట్ట, సీసా, ప్లాస్టిక్ వంటి పొడి చెత్త; ఎర్ర డబ్బాలో పసిపిల్లల డయాపర్లు, ఆడవారి ప్యాడ్లు, గాయపు గుడ్డలు. రోజుకు వంద కిలోలకు పైగా చెత్త వచ్చే ఆవరణలను 2016 నాటి కేంద్ర నియమాలు పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవారిగా లెక్కగట్టాయి. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలన్నాయి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన కొత్త నియమాలు మందులు, బల్బులు, పెయింటు డబ్బాల వంటి వాటిని నాలుగో రకంగా విడదీశాయి.

రెండు వందల ఇళ్ళ అపార్ట్‌మెంటు ఒకటి తీసుకుందాం. ఇంటికి రోజుకు సుమారు ఒక కిలో చొప్పున రెండు వందల కిలోల చెత్త వస్తుందనుకుంటే, అందులో 120 కిలోల దాకా తడిది, 50 కిలోలు పొడిది, 30 కిలోలు ఎందుకూ పనికిరానిది. తెల్లవారుజామున పనివారు చక్రాల డ్రమ్ములతో అంతస్తు తరువాత అంతస్తు దిగుతూ వస్తారు. తడి డబ్బా మూత తీసి, ప్లాస్టిక్ కవరు లేకుండా తొక్కలు నేరుగా డ్రమ్ములో పడేలా చూసుకోవడమే వారి మొదటి పని. కవరులో కట్టి ఇచ్చారంటే లోపల ఏమున్నదో కనపడదు. ఆ ముడి విప్పేది పనిమనిషి చేతులే. పగిలిన గాజు, షుగర్ రోగి సూది తగిలేది అక్కడే. అందుకే గాజును కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలని, ప్యాడ్లను పేపరులో చుట్టి పైన ఎర్ర చుక్క పెట్టాలని బుద్ధిగల సంఘాలు కట్టడి చేస్తాయి. సూదులను గట్టి డబ్బాలో వేసి మూత బిగించి ఇవ్వాలి.

వేరుచేయడం నిజంగా జరుగుతున్నదీ లేనిదీ తూకం చీటీ చెబుతుంది. రోజూ మూడు రకాలనూ తూచి రాయాలి. పనికిరాని చెత్త 30 కిలోల నుంచి 60కి పెరిగి, పొడిది ఆ మేరకు తగ్గితే, ఎక్కడో పొడి చెత్త అన్నంతో కలిసి పాడవుతున్నదన్నమాట. అంతస్తులవారీగా తూచి చూస్తే ఏ వరుసలో తప్పు జరుగుతున్నదో రెండు రోజుల్లో దొరుకుతుంది. ఇది పెద్ద విద్య కాదు. అయినా తూచడానికి ఓపిక గల సంఘాలు తక్కువ.

పొడి చెత్తలో అసలు డబ్బున్నది. అట్టపెట్టెలు, నీళ్ళ సీసాలు, పాత పేపర్లు, కడిగిన పాల కవర్లు రకాలుగా విడదీస్తే గుజిరీ వ్యాపారి కొంటాడు. కడగని పాల కవరు రెండు రోజుల్లో కుళ్ళి, పక్కనున్న కాగితాన్నీ చెడగొడుతుంది. చిప్స్ పొట్లాలకు కొనేవారే లేరు. వాటిని కాల్చడానికి సిమెంటు ఫ్యాక్టరీలకు పంపడమొకటే దారి. బెంగళూరులో వార్డుల పొడి చెత్త కేంద్రాలను చాలాచోట్ల పూర్వం వీధుల్లో చెత్త ఏరుకున్నవారే నడుపుతున్నారు. హసిరు దళ అనే సంస్థ వారిని కూడగట్టింది. 2011 నుంచి వారికి పాలికె గుర్తింపు కార్డులు వచ్చాయి. ఇక్కడ ఒక చిక్కు వున్నది. లోగడ అపార్ట్‌మెంటు పనివారు అట్టలు, సీసాలు అమ్ముకుని నాలుగు డబ్బులు చూసుకునేవారు. సంఘం అంతా కలిపి ఒక ఏజెన్సీకి కాంట్రాక్టు ఇస్తే ఆ పైసంపాదన పోతుంది. పనికి ఒప్పుకునేటప్పుడే పొడి చెత్త డబ్బు ఎవరిదని అడిగి తెలుసుకోవడం మన పల్లెల నుంచి పోయేవారికి అవసరం.

పాత పరుపులు, సోఫాల కథ వేరు. ఇనుము, కట్టె వుంటే గుజిరీవాడు తీసుకుంటాడు గాని, స్పాంజి పరుపును ఎవరూ ముట్టరు. దానికి విడిగా బండి మాట్లాడి కూలి ఇచ్చి పంపాలి. ఆ కూలి ఎగవేయాలని రాత్రిపూట రోడ్డు పక్కన పడవేస్తే, అది కాలి పొగ ఊరంతా కమ్ముతుంది.

ఇక 120 కిలోల తడి చెత్త. ఇందులో నీరే ఎక్కువ. ఎండుటాకు, రంపపుపొట్టు లేదా కొబ్బరిపొట్టు కలపకుండా తొట్టిలో పోస్తే రెండో రోజుకే కంపు కొట్టి నల్లని నీరు కారుతుంది. గుప్పెడు తీసి పిండి చూడాలి. నీరు చుక్కలుగా రాలితే పొట్టు చాలలేదని అర్థం. పాకం సరిపోతే మూడు నాలుగు రోజుల్లో కుప్ప నడుమ చెయ్యి పెట్టలేనంత కాక పుడుతుంది. వారానికొకసారి తిరగేస్తూ పోతే నెలన్నరకు 120 కిలోలకు ఇరవై కిలోల దరిదాపు ఎరువు తేలుతుంది. మన దిబ్బ చేసే పనే ఇది, కాకపోతే తొందరగా.

ఈ తొందరకు ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. 24 గంటల్లో ఎరువు అంటారు. అందులో చాలావరకు జరిగేది చెత్తను వేడిచేసి ఎండబెట్టి పొడి చేయడమే. చూడడానికి కాఫీపొడిలా వుంటుంది గాని అది కుళ్ళడం ఇంకా మొదలే కాలేదు. చేనిలో తడి తగలగానే నేలలో కుళ్ళుతూ, మొలక వేరును కాలుస్తుంది. నగరపు ఎరువు చవకగా వస్తున్నదని ఎవరైనా లారీతో ఊరికి తెస్తే, రైతు గుప్పెడు తీసి తడిపి, కవరులో కట్టి మూడు రోజులు నీడన వుంచాలి. విప్పినప్పుడు మట్టివాసన వస్తే మాగినది. పులిసిన వాసన వస్తే ఇంకో నెల దిబ్బలో వేసి మాగనివ్వాలి. మెరిసే గాజు ముక్కలు కనపడితే ఆ లారీని వచ్చిన దారినే పంపడం మేలు. వట్టి కాళ్ళతో కలుపు తీసే చేనికి అది తగదు.