చిత్రానికి గుర్తు వేయడమా, పరిమాణం తగ్గించడమా?



మనం అందరికీ కనబడేట్లు ఉంచిన ఛాయాచిత్రాలను పరులు వాడుకొంటున్నారన్న ఫిర్యాదు తరచు వినబడుతుంది. దీనికి రెండు ఉపాయాలు చెబుతారు. చిత్రంపై వాటర్‌మార్కు, అనగా నీటిగుర్తు వేయడం ఒకటి. చిన్న పరిమాణంలో పెట్టడం రెండవది. ఈ రెండూ ఒకే పని చేస్తాయని చాలమంది భావిస్తారు. అది సరికాదని నా అభిప్రాయం. ఏది ఎవరిని ఆపుతుందో తెలియక వాడితే శ్రమే మిగులుతుంది.

మొదట ఆదోని కోట చిత్రాన్ని తీసుకొందాం. కెమెరా ఇచ్చిన వెడల్పు 4000 పిక్సెళ్ళు. మంచి అచ్చుకు అంగుళానికి 300 చొప్పున కావాలి గనుక దానిని 13 అంగుళాల వెడల్పున చక్కగా ముద్రించవచ్చు. దానినే 1000 పిక్సెళ్ళకు కుదించి పెడితే మూడంగుళాలకు మించి నాణ్యంగా రాదు. ఎవరైనా దానిని 12 అంగుళాల క్యాలెండరుకు సాగదీస్తే అంగుళానికి 83 పిక్సెళ్ళే దక్కి, బురుజు రాళ్ళు మసకబారుతాయి. అంటే పరిమాణం తగ్గించడం అచ్చువేసే వానిని ఆపుతుంది.

ఇక ఎమ్మిగనూరుకు వద్దాం. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఊరు అది. అక్కడి నేతగాడొకరు తాను నేసిన చీర చిత్రాన్ని అంతర్జాలంలో పెట్టారనుకొందాం. దానిని ఎత్తుకుపోయేవాడు అచ్చువేయడు. తన అమ్మకపు పుటలో పెట్టి, మరమగ్గపు గుడ్డను అదే చీరగా అమ్మజూస్తాడు. తెరమీద చూపడానికి వానికి 1000 పిక్సెళ్ళు ధారాళంగా సరిపోతాయి. కనుక ఇచ్చట పరిమాణం తగ్గించి లాభం లేదు, గుర్తే కావాలి.

ఆ గుర్తునైనా మూలన వేస్తే కత్తిరించి పారవేస్తారు. అంచూ కొంగూ కలిసేచోట, పనితనం కనబడే భాగం మీదుగా ఏటవాలుగా వేయాలి. GIMPలో ముందు Scale Imageతో కుదించి, పిమ్మట అక్షరాలు వ్రాసి, ఆ పొర Opacityని 30 వద్ద ఉంచితే చీర కనబడుతుంది, పేరూ చదవవచ్చు. చిత్రాన్ని బొటనవ్రేలంత చేసి చూసినప్పుడు కూడా పేరు ఉన్నట్లు తెలియకపోతే ఇంకొంత ముదురు చేయాలి. కొన్ని ఉపకరణాలు తెలుగు వత్తులను విడగొట్టి, ‘ఎమ్మిగనూరు’లోని మకారాలను చెల్లాచెదురు చేస్తాయి. GIMP ఆ వత్తును సరిగా కూర్చుతుంది.

మరొక జాగ్రత్త ఉన్నది. ఒకే గుర్తును ఒకే రూపంలో వందల చిత్రాలపై వేస్తే, వాటన్నిటినీ పోల్చి ఆ గుర్తును యంత్రమే తుడిచివేయగలదని గూగుల్ పరిశోధకులు 2017లో నిరూపించారు. ప్రతి చిత్రంలోనూ అక్షరాల ఆకృతిని కొద్దిగా వంచితే తుడిచినచోట ఆనవాళ్ళు మిగులుతాయని కూడ వారే చెప్పారు. చోటు మాత్రం మార్చితే చాలదు.

అయినా పట్టుదల గలవాడు ఒక్క చిత్రం మీది గుర్తును చేత్తోనైనా చెరపగలడు. అందుచేత నేను గుర్తును తాళంగా గాక సాక్ష్యంగా ఎంచుతాను. 2012 సవరణతో మన కాపీరైటు చట్టంలో చేరిన 65బి సెక్షను ప్రకారం, హక్కుదారుని పేరు వంటి హక్కుల సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తొలగించడం నేరం. రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా కూడ విధించవచ్చు. చిత్రం తనదేనని ఎదుటివాడు వాదించినప్పుడు కుదింపు సైతం సాయపడుతుంది. వాని దగ్గర 1000 పిక్సెళ్ళ ప్రతి మాత్రమే ఉంటుంది. 4000 పిక్సెళ్ళ మూలప్రతి తీసినవాని దగ్గరే ఉంటుంది. కనుక మూలాన్ని ఎవరికీ పంపరాదు, కెమెరా నుండి దించిన రూపంలోనే దాచాలి. నేతగాళ్ళకు రెండు ఉపాయాలనూ కలిపి వాడమని చెప్పేది ఇందుకే.

అయితే శాసనాల చిత్రాలకు ఈ రెండూ పనికిరావు. మన జిల్లా ఎర్రగుడిలోని అశోకుని శాసనాల వంటి వాటిని చూడండి. రెండు మీటర్ల బండను 4000 పిక్సెళ్ళలో పట్టితే ఒక్కొక్క పిక్సెలు అర మిల్లీమీటరును చూపుతుంది. 1000కి కుదిస్తే రెండు మిల్లీమీటర్లు ఒకే చుక్క అవుతాయి. బ్రాహ్మీలిపిలో అచ్చు గుర్తు చిన్న గీత మాత్రమే. అప్పుడది ఉలిగీతో, రాతి బీటో తేల్చడం సాధ్యం కాదు. పైగా దానిమీద మన పేరు వ్రాస్తే ఆచోటి అక్షరాన్ని మనమే చెరిపినట్లు. చీర చిత్రం దొంగిలిస్తే నేతగాని కూడు పోతుంది గనుక అక్కడ కట్టడి న్యాయం. శాసనపాఠం ఎంతమంది చేతికి చేరితే అంత మేలు గనుక, ఆ చిత్రాలను పూర్తి పరిమాణంలో, గుర్తు లేకుండా పెట్టి, తీసినవారి పేరును చిత్రం క్రింద వ్రాస్తే చాలునని నా మతం.

మీ అభిప్రాయాలు తెలియజేయగలరు.